మేడ మీద మూడు కిలోవాట్లు, వాకిట్లో వాన గుంత

(విజయవాడ పటమటలో కాలనీవాసుల సమావేశంలో విశ్రాంత విద్యుత్ ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వచ్చేటప్పుడు కరెంటు బిల్లు తెచ్చుకోమని చెప్పించాను. తెచ్చుకున్నవాళ్లు ఒకసారి చేతిలోకి తీసుకోండి. అమ్మా, వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

సోలార్ గురించి నన్ను అడగడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ఒకటే. "సార్, బిల్లు సున్నా రావాలంటే ఎన్ని కిలోవాట్లు పెట్టాలి?" అమ్మకానికి వచ్చినవాళ్లు కూడా ఆ మాటే పట్టుకుంటారు. సున్నా చేసి చూపిస్తామంటారు, ఐదు కిలోవాట్లు రాసేస్తారు. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది అక్కడి నుంచే మొదలవుతుంది. సున్నా కోసం పెట్టే చివరి రెండు కిలోవాట్లు చాలా ఇళ్లలో దండగ. ఎందుకు దండగో లెక్కవేసి చూపిస్తాను. ఆ తర్వాత మేడ ఎక్కుదాం. అక్కడ నీడ సంగతి, వాననీళ్ల సంగతి ఉన్నాయి. చివరికి మీటరు దగ్గరికి దిగుదాం.

ఒక ఇల్లు తీసుకుందాం. మన పటమటలో ఉండే మామూలు ఇల్లే. కిందా పైనా రెండు అంతస్తులు, మేడ మీద సుమారు 1,100 చదరపు అడుగుల జాగా. కింది పోర్షన్ అద్దెకిచ్చారు, దానికి వేరే మీటరు. పైన ఇంటివాళ్లు ఉంటారు. రెండు ఏసీలు, ఫ్రిజ్, గీజరు, నీళ్ల మోటారు. ఏడాది మొత్తం బిల్లులు కూడి పన్నెండుతో భాగిస్తే నెలకి 450 యూనిట్లు తేలింది. మీరు కూడా ఇలాగే ఏడాది సగటు తీయండి. మే నెల బిల్లు ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు.

మన రాష్ట్రంలో ఇళ్లకి 2022లో ఆరు శ్లాబులు పెట్టారు. మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90 రూపాయలు. అక్కడి నుంచి 75 దాకా 3 రూపాయలు. 125 దాకా 4.50. 225 దాకా 6 రూపాయలు. 400 దాకా 8.75. ఆపైన 9.75. ఎంత వాడినా కింది యూనిట్లకి కింది ధరే పడుతుంది, పైకి వెళ్లినకొద్దీ ఆ పైవాటికే పై ధర. ఈ లెక్కన 450 యూనిట్లకి ఎనర్జీ ఛార్జీ ఒక్కటే 3,036 రూపాయలు అవుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు అన్నీ దాని మీద అదనం. వాటిని పక్కన పెట్టి ఈ 3,036తోనే మాట్లాడుకుందాం.

ఇప్పుడు మూడు కిలోవాట్ల సోలార్ పెట్టాం. మన ప్రాంతంలో ఒక కిలోవాటుకి రోజుకి సగటున నాలుగు యూనిట్లు వేసుకోవచ్చు. వేసవి ముందు నెలల్లో ఎక్కువ వస్తుంది, జులై ఆగస్టుల్లో మబ్బుకి తగ్గుతుంది, ఏడాదికి సగటు నాలుగు. మూడు కిలోవాట్లకి రోజుకి 12, నెలకి 360. ఇంటి వాడకం 450లోంచి 360 తీసేస్తే మిగిలింది 90. ఆ 90 యూనిట్లకి ఎనర్జీ ఛార్జీ 260 రూపాయలు. అంటే 3,036 నుంచి 260కి దిగింది. నెలకి దాదాపు 2,776 రూపాయలు మిగులు.

ఇక్కడ గమనించండి. సోలార్ తీసేసిన 360 యూనిట్లు ఏవి? పేర్చిన బస్తాల్లో పైది ముందు దించినట్టు, ముందు 9.75వి పోయాయి, తర్వాత 8.75వి, తర్వాత 6 రూపాయలవి, చివరికి 4.50వాటిలో ముప్పై ఐదు. మిగిలిన 90 యూనిట్లూ అట్టడుగు బస్తాలు. వాటిలో ముప్పై 1.90వి, నలభై ఐదు 3 రూపాయలవి, పదిహేను మాత్రం 4.50వి. ఈ 260 రూపాయలని కూడా సున్నా చేద్దామని ఇంకో రెండు కిలోవాట్లు వేస్తే, నెలకి మిగిలేది ఆ 260యే. దాని మీద ఇంకో 150 యూనిట్లు మిగులు తయారవుతాయి. ఆ మిగులు తర్వాతి నెలలకి జమవుతూ పోతుంది, గడువు దాటిన తర్వాత ఇంకా ఉంటే విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేసిన ధరకి లెక్కకట్టి ఇస్తారు. ఆ ధర మనం పై శ్లాబులో కట్టే ధరకంటే చాలా తక్కువ.

సబ్సిడీ కూడా ఈ లెక్కకి తగ్గట్టే ఉంది. కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాటుకి 30 వేలు, మూడోదానికి 18 వేలు. మొత్తం 78 వేలు. అక్కడితో ఆగిపోతుంది. నాలుగు పెట్టినా ఐదు పెట్టినా అదే 78 వేలు. మన ఇంటికి మూడు కిలోవాట్లకి రెండు లక్షలు కొటేషన్ వచ్చిందనుకోండి. సబ్సిడీ పోను 1,22,000. నెలకి 2,776 చొప్పున ఏడాదికి 33 వేల పైచిలుకు మిగులుతుంది. నాలుగేళ్ల లోపు పెట్టుబడి వెనక్కి వస్తుంది. అదే ఐదు కిలోవాట్లకి మూడు లక్షల ఇరవై వేలు అన్నారనుకోండి, పైన పెట్టే 1,20,000కి సబ్సిడీ పైసా లేదు, మిగిలేది నెలకి 260 రూపాయలూ కొంత మిగులు యూనిట్ల ధరా.

(సభలో ఒకరు: మాది నెలకి 700 యూనిట్లు వస్తుందండి, నలుగురు పిల్లలు, మూడు ఏసీలు.)

అయితే మీ లెక్క వేరండి. మీకు మూడు కిలోవాట్లు పెట్టినా ఇంకా 340 యూనిట్లు మిగిలి ఉంటాయి. అందులో నూట పదిహేను 8.75 శ్లాబులోవి, వంద 6 రూపాయల శ్లాబులోవి. పై రెండు కిలోవాట్లకి సబ్సిడీ లేకపోయినా మీకు ఐదు పెట్టడం లాభమే. ఎలక్ట్రిక్ కారు కొని ఇంట్లోనే ఛార్జింగ్ పెట్టుకోవాలనుకునేవాళ్లూ అంతే. సూత్రం ఒకటే. సోలార్ పోను మిగిలే నికర యూనిట్లు వంద దగ్గరికి వచ్చేలా పెట్టుకోండి, ఆపైన డబ్బు పెట్టొద్దు. ఒకే ఇంట్లో రెండు మీటర్లు ఉంటే శ్లాబు దేనికది. ఎక్కువ బిల్లు వచ్చే మీటరుకే సోలార్ కలపండి.

ఇక మేడ ఎక్కుదాం.

ఇప్పుడు వచ్చే ప్యానెళ్లు ఒక్కోటి 540 వాట్ల పైచిలుకు ఉంటున్నాయి. సుమారు ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు. మూడు కిలోవాట్లకి ఆరు సరిపోతాయి. మధ్యలో ఖాళీ, తుడవడానికి దారి కలుపుకుని మూడొందల చదరపు అడుగులు అనుకోండి. 1,100 అడుగుల మేడకి జాగా ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా నీడతోనే.

ప్యానెళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా తీగతో కలుపుతారు. ఒకే కరెంటు అన్నింటి గుండా పోవాలి. ఒక ప్యానెల్ మీద నీడ పడితే, లోపల ఉండే బైపాస్ డయోడ్లు ఆ నీడపడ్డ భాగాన్ని దాటించి మిగతా వరసని కాపాడతాయి. కానీ ఆ భాగం ఉత్పత్తి పూర్తిగా పోతుంది. అరచేయంత నీడ అయినా ఆ ప్యానెల్‌లో మూడో వంతు దాకా పనిచేయకుండా పోవచ్చు. అందుకని "కొంచెమే కదా సార్, కేబుల్ టీవీ గొట్టం నీడ" అనకండి.

మనం ఉన్నది పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ప్యానెల్‌ని దక్షిణం వైపు తిప్పి పదిహేను డిగ్రీల వాలులో పెడితే ఏడాది మొత్తానికి మంచి ఉత్పత్తి వస్తుంది. నీడ చూడాల్సింది డిసెంబరులో. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు యాభై డిగ్రీల ఎత్తు దాటడు. ఉదయం తొమ్మిదింటికి ముప్పై డిగ్రీల దగ్గర ఉంటాడు. మెట్లగది మూడు మీటర్ల ఎత్తుందనుకోండి, ఆ వేళ దాని నీడ వాయవ్యం వైపు ఐదు మీటర్ల దాకా పడుతుంది. మధ్యాహ్నం రెండున్నర మీటర్లు ఉత్తరానికి. కాబట్టి మెట్లగదికి, నీళ్ల ట్యాంకుకి ఉత్తరాన ఉండే జాగాని వదిలేసి, దక్షిణ భాగంలో ప్యానెళ్లు పెట్టుకోవాలి.

దీనికి ఒక మెలిక ఉంది, మన దగ్గర చాలామంది పట్టించుకోరు. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు. ఆ మూడు నెలలూ నీడ దక్షిణం వైపు పడుతుంది. అది పొట్టి నీడే, మెట్లగదికి అర మీటరు కూడా ఉండదు. అయినా ట్యాంకుని ఆనించి ప్యానెల్ పెట్టినవాళ్లకి ఎండ మండిపోయే జూన్ మధ్యాహ్నమే ఉత్పత్తి తగ్గుతుంది. ఒక మీటరు ఎడం వదిలితే ఆ బాధ ఉండదు.

ఎండ ఎక్కువైతే ఉత్పత్తి ఎక్కువ అనుకోవడమూ పొరపాటే. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచినవి. మన మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలకి పోతుంది. ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది, నలభై డిగ్రీలకి 14 శాతం. అందుకే మే మధ్యాహ్నం ఉత్పత్తి చూపే యాప్‌లో మూడు కిలోవాట్లు కనపడక రెండున్నర చుట్టూ తిరుగుతుంటే ప్యానెల్ పాడైందని కంగారుపడకండి. అది వేడి లెక్క.

ఇప్పుడు ప్యానెళ్లని మోసే కాళ్ల సంగతి. ఇక్కడే సోలారూ వాననీళ్లూ కలుస్తాయి. దయచేసి దీన్ని జాగ్రత్తగా వినండి, ఎందుకంటే కరెంటు వాళ్లు నీళ్ల గురించి చెప్పరు, నీళ్ల పైపుల వాళ్లు కరెంటు గురించి చెప్పరు.

మన మేడలన్నింటికీ ఒక వాటం ఉంటుంది. మేస్త్రి స్లాబు మీద నీళ్లు ఒక మూలకి పోయేలా వాలు తీసి ఉంచుతాడు. ఆ మూలన నీళ్ల గొట్టం. సోలార్ వాళ్లు వచ్చి ఇనుప కాళ్ల కింద అడుగు చదరం కాంక్రీటు దిమ్మలు పోస్తారు. ఆ దిమ్మ సరిగ్గా నీళ్లు పారే దారిలో పడిందంటే దాని వెనక నీళ్లు నిలుస్తాయి. మొదటి వానాకాలం ఏమీ తెలియదు. రెండో ఏడు పడకగది సీలింగ్ మీద చెమ్మ మచ్చ కనిపిస్తుంది. పని మొదలుపెట్టే ముందు రోజు సాయంత్రం మేడ మీద నాలుగు బకెట్లు నీళ్లు పోయించండి. నీళ్లు ఎటు పారుతున్నాయో చూసి, సుద్దతో గీత గీయండి. దిమ్మలు ఆ గీత మీద పడకుండా జరపమనండి. ఇది పది నిమిషాల పని.

చలవ టైల్స్ వేసిన మేడ అయితే దిమ్మని టైల్స్ మీదే పోస్తే పట్టు ఉండదు. అక్కడ టైల్ తీయించి, స్లాబు దాకా వెళ్లి, కమ్మీ కట్టి, పోసి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాలి. వీలైనంతవరకు కాళ్లు కింద స్తంభాల మీద, బీముల మీద పడేలా చూసుకోవాలి. భారత ప్రమాణాల సంస్థ గాలి పట్టికలో విజయవాడకి సెకనుకి 50 మీటర్ల గాలి రాసి ఉంది. గంటకి 180 కిలోమీటర్లు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గుంటూరు వైపు చెట్లూ స్తంభాలూ ఎలా పడ్డాయో చూశాం. ఎత్తుగా లేపి పెట్టిన ప్యానెళ్ల కింద గాలి దూరి పైకి ఎత్తుతుంది. బరువు మోయడం కాళ్లకి సమస్య కాదు, లేవకుండా పట్టుకోవడమే వాటి పని. కొటేషన్‌లో "ఈ గాలికి డిజైన్ చేశాం" అని రాతపూర్వకంగా తీసుకోండి. ఇనుముకి జింకు పూత వేడిలో ముంచి తీసినదై ఉండాలి, పెయింటు పూసింది వద్దు.

సరే, నీళ్లు గొట్టంలోకి చేరాయి. ఎన్ని నీళ్లు? ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 1,100 చదరపు అడుగులంటే సుమారు వంద చదరపు మీటర్లు. మనకి ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది. ఆవిరైపోయేది, చిమ్మిపోయేది, మొదట పారబోసేది తీసేసి ఎనభై శాతం వేసుకుంటే 80 వేల లీటర్లు. పది ట్యాంకర్ల పైమాటే.

ఆ నీళ్లని ఎక్కడికి పంపాలనేది మీ నేలని బట్టి. ప్లాను అప్రూవల్ కోసం ఇంకుడు గుంత తవ్వి, ఫోటో తీయించి, తర్వాత పూడ్చేసిన ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఆ గుంత పనిచేసేదా కాదా అని ఎవరూ చూడలేదు. పనిచేస్తుందో లేదో తెలుసుకోవడం సులువే. గుంత తీయదలుచుకున్న చోట, ఆ గుంత ఎంత లోతు ఉంటుందో అంత లోతులో అడుగు చదరం, అడుగు లోతు చిన్న గొయ్యి తీయించండి. ముందు ఒకసారి నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. రెండోసారి నింపి గంట చూడండి. ఇసుక నేల అయితే గంటలోపే పూర్తిగా దిగిపోతుంది. నల్లరేగడి అయితే రెండు మూడు వేళ్లు కూడా దిగదు. గుంటూరు చుట్టుపక్కల ఇది ఎక్కువ. అలాంటి నేలలో పైపై గుంత తవ్వితే వానాకాలమంతా నీళ్లు నిలిచి దోమలు పెంచుతుంది. బంకమట్టి పొర కిందున్న ఇసుక దాకా బోరు దింపి ఇంకించాలి, లేదా సంపులోకి పట్టి వాడుకోవాలి.

ఇంకో సంగతి. కృష్ణ కాలవల పక్కన, పల్లపు కాలనీల్లో వానాకాలం చివరికి భూగర్భజలం చాలా పైకి వచ్చేస్తుంది. బావిలో చేతికి అందేంత దగ్గర నీళ్లు ఉన్నచోట నేలలోకి ఇంకించడానికి జాగా ఎక్కడిది? అక్కడ సంపే దారి. మొగల్రాజపురం కొండల వైపు నేల వేరు, లోతు వేరు. అందుకని పక్కింటివాళ్లు ఏం చేశారో చూసి అదే చేయకండి.

(సభలో ఒక మహిళ: మా మరిది వాళ్లు వాననీళ్లు నేరుగా బోరులోకే వదులుతున్నారండి. మంచిదేనా?)

వద్దమ్మా. వాడుకునే బోరులోకి నేరుగా వదలొద్దని చెప్పండి. మేడ మీద పావురాల రెట్ట, దుమ్ము, ఆకులు అన్నీ అందులోకే పోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అవి మురుగు కలిసిన నీళ్లు. నేల మట్టానికి మూత లేకుండా ఉన్న ప్రతి బోరులోకీ, ప్రతి ఇంకుడు గుంతలోకీ ఆ మురుగు దిగుతుంది. పల్లపు ఇల్లయితే బోరు గొట్టం తల నేల కంటే రెండు మూడు అడుగులు ఎత్తులో, గట్టి మూతతో ఉండాలి. ఇంకుడు గుంత మీద కూడా చుట్టూ గట్టు కట్టి స్లాబు మూత వేయాలి, వీధి నీళ్లు అందులోకి రాకూడదు. మేడ నీళ్లు మాత్రమే రావాలి.

మేడ నీళ్లలో కూడా మొదటి వాన వదిలేయాలి. ఒక మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్లు, అంటే మన మేడకి వంద నుంచి రెండొందల లీటర్లు. గొట్టం కిందికి దిగేచోట టీ ముక్క పెట్టి రెండు వాల్వులు పెట్టించండి. ఒకటి బయటి కాలవకి, ఒకటి గుంతకో సంపుకో. వేసవి అంతా బయటి వాల్వు తెరిచి ఉంచండి. వానలు మొదలయ్యాక ఒక మంచి వాన మేడని కడిగిన తర్వాత లోపలి వాల్వు తిప్పండి. సోలార్ ఉన్న ఇంట్లో దీని అవసరం ఇంకా ఎక్కువ. ఎందుకంటే ప్యానెళ్లు తుడిచిన నీళ్లు కూడా ఇదే గొట్టంలోకి వస్తాయి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మన ఊళ్లో దుమ్ము ఎక్కువ, రెండు వారాలకోసారైనా తుడవాలి. ఆ మట్టి నీళ్లు గుంతలోకి పోతే ఇసుక పొర పూడుకుపోతుంది.

తుడవడానికి బోరు నీళ్లు వాడకండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక అద్దం మీద తెల్లటి పొర కడుతుంది, అది ఏటేటా మందం అవుతుంది. మునిసిపల్ నీళ్లు వాడండి. సంపులో పట్టిన వాననీళ్లయితే ఇంకా మంచిది, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. సూర్యోదయం కాగానే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు మెత్తటి వైపరుతో తుడవాలి. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చల్లటి నీళ్లు కొట్టొద్దు.

ప్యానెళ్ల కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టర్ ఎక్కడ పెట్టాలో కూడా బుడమేరే చెప్పింది. పార్కింగ్ గోడకి, మీటరు పక్కన పెడితే వైరు కలిసొస్తుందని చాలామంది అక్కడే పెట్టేస్తారు. పల్లపు కాలనీల్లో అది వద్దు. మొదటి అంతస్తులో గానీ మెట్లగది లోపల గానీ, పడమటెండ తగలని గోడకి, గాలి ఆడేలా పెట్టించండి.

(సభలో ఒకరు: కరెంటు పోతే సోలార్ నడుస్తుంది కదండీ? ఇన్వర్టర్ ఉంది కదా?)

నడవదండి. ఈ ఇన్వర్టర్‌లో బ్యాటరీ లేదు. బయట లైను ఆగిన క్షణంలోనే అదీ ఆగిపోవాలి, చట్టం అదే. ఎందుకంటే లైన్‌మ్యాన్ స్తంభం ఎక్కి సప్లై తీసేశామని తీగ పట్టుకుంటాడు, మన ఇంటి నుంచి కరెంటు వెనక్కి వస్తే అతని ప్రాణం పోతుంది. కాబట్టి మీ ఇంట్లో ఇప్పుడున్న బ్యాటరీ ఇన్వర్టర్‌ని అమ్మేయకండి. పగలు కరెంటు పోయినా సోలార్ నడవాలంటే బ్యాటరీతో వచ్చే హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవాలి, ఖరీదు బాగా పెరుగుతుంది.

ఇక మీటరు. ముందు కాగితాల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. దరఖాస్తు pmsuryaghar.gov.in లో మీ సర్వీసు నంబరుతో పెట్టాలి. మన విజయవాడకీ గుంటూరుకీ కరెంటు పంపిణీ సంస్థ, అంటే డిస్కం, ఏపీసీపీడీసీఎల్. పది కిలోవాట్ల లోపు అయితే సాంకేతిక పరిశీలన కోసం ఆపరు. ఎక్కువమంది ఆగిపోయేది పేరు దగ్గర. మీటరు తాతగారి పేరు మీదో, చనిపోయిన నాన్నగారి పేరు మీదో ఉంటుంది. దరఖాస్తు చేసేవాళ్ల పేరు, మీటరు మీద పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటే ఉండాలి. ముందు పేరు మార్పించుకుని తర్వాతే మొదలుపెట్టండి. సబ్సిడీ కావాలంటే ప్యానెల్ మాత్రమే కాదు, లోపలి సెల్ కూడా మనదేశంలో తయారైనదై ఉండాలి. ప్యానెళ్ల సీరియల్ నంబర్లు రాసిన ధ్రువపత్రం అడిగి తీసుకుని, మేడ ఎక్కి నంబర్లు సరిచూసుకోండి.

ప్యానెళ్లు బిగించడం రెండు రోజుల్లో అయిపోతుంది, లైను నుంచి వచ్చిందీ మనం బయటికి పంపిందీ విడివిడిగా లెక్కపెట్టే నెట్ మీటరు రావడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. ఆ మధ్యలో "ఊరికే వృథా ఎందుకు, ఆన్ చేసేద్దాం" అంటారు బిగించినవాళ్లు. చేయనివ్వకండి. అనుమతి లేదన్నది ఒక సంగతి. దానికి మించి, పాత ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటికి కరెంటు వచ్చిందా పోయిందా తేడా తెలియదు. మీరు బయటికి పంపినదాన్ని కూడా వాడకంగానే లెక్కవేస్తాయి. పగలంతా సోలార్ బయటికి పంపిన ఇంటికి ఆ నెల బిల్లు పెరిగి వస్తుంది.

నెట్ మీటరు వచ్చాక మొదటి బిల్లు చూసి అందరికీ వచ్చే టెన్షన్ ఒకటుంది. మన ఇంటికే వద్దాం. ఇన్వర్టర్ యాప్‌లో నెల ఉత్పత్తి 360 అని ఉంది. బిల్లులో ఎక్స్‌పోర్ట్ 250 అని ఉంది. "నా 110 యూనిట్లు ఎవరు తిన్నారు?" అని ఆఫీసుకి పరుగెత్తుతారు. ఎవరూ తినలేదు. పగలు సోలార్ నడుస్తుండగా ఇంట్లో ఫ్రిజ్, మోటారు, మధ్యాహ్నం ఏసీ వాడుకున్నారు. ఆ 110 మీటరు దాకా రాకుండానే ఇంట్లో ఖర్చయ్యాయి. మిగిలిన 250 బయటికి పోయాయి. సాయంత్రం నుంచి ఉదయం దాకా లైను నుంచి తీసుకున్నవి 340, అది బిల్లులో ఇంపోర్ట్. 340లోంచి 250 తీసేస్తే 90, దానికే బిల్లు. ఇంటి అసలు వాడకం కావాలంటే 340కి 110 కలపండి, 450 వస్తుంది. యాప్ ఉత్పత్తిలోంచి ఎక్స్‌పోర్ట్ తీసేసిన సంఖ్య ప్రతినెలా దాదాపు ఒకేలా ఉండాలి. అది ఉన్నట్టుండి పెరిగితే పగటి వాడకం పెరిగిందన్నమాట. పగటి వాడకం మారలేదంటే మీటరు ఎక్స్‌పోర్ట్ సరిగ్గా ఎక్కించుకోవట్లేదు, అప్పుడు ఫిర్యాదు రాయండి.

నెలనెలా 90 వస్తుందనీ అనుకోకండి. మేలో ఏసీలతో వాడకం 650కి పోతే, ఉత్పత్తి 390 వచ్చినా నికరం 260 అవుతుంది. డిసెంబరులో వాడకం 280, ఉత్పత్తి 330 అయితే యాభై మిగులుతాయి, తర్వాతి బిల్లుకి జమవుతాయి. ఏడాది సగటుతో లెక్కవేయమన్నది అందుకే.

గ్రాఫు చూడటం కూడా నేర్చుకోండి. మబ్బు లేని రోజు అది ఉదయం లేచి, మధ్యాహ్నం దాకా నున్నగా ఎక్కి, సాయంత్రం దిగాలి. రోజూ ఒకే వేళకి ఒక గాటు పడుతుంటే అది నీడ, ఆ వేళకి మేడ ఎక్కి చూడండి. మిట్టమధ్యాహ్నం పదే పదే సున్నాకి పడి లేస్తుంటే అది లైను వోల్టేజి. మీ వీధిలో సోలార్ ఇళ్లు పెరిగి, అందరూ ఒకే వేళ బయటికి పంపుతుంటే వోల్టేజి పెరుగుతుంది, హద్దు దాటగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతుంది. ఆ సమయంలో ఇన్వర్టర్ తెర మీద వోల్టేజి ఎంతుందో ఫోటో తీసి, తేదీ వేళతో సహా మీ సెక్షన్ ఆఫీసులో ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపు మార్చడమో, మిమ్మల్ని వేరే ఫేజుకి మార్చడమో వాళ్లు చేయగలరు. గ్రాఫు రూపం బాగానే ఉండి మొత్తం ఎత్తు నెలనెలా తగ్గుతుంటే అది దుమ్ము. తుడిచిన మర్నాడు లేవకపోతే అప్పుడు బిగించినవాళ్లని పిలవండి, పథకం కింద ఐదేళ్లు వాళ్లే చూసిపెట్టాలి.

(సభలో ఒకరు: మాది అపార్ట్‌మెంటండి, ఇరవై ఫ్లాట్లు. మేం ఏం చేయాలి?)

మీ మేడ అందరిదీ. అందులో ఒక ఫ్లాటువాళ్లు తమ మీటరుకి ప్యానెళ్లు పెట్టుకుంటామంటే తగువు తప్పదు. ముందు లిఫ్టు, మోటార్లు, మెట్ల లైట్లు, సెల్లారు లైట్లు నడిచే కామన్ మీటరుకి పెట్టుకోండి. దానికి సంఘాలకి కిలోవాటుకి 18 వేల చొప్పున సబ్సిడీ ఉంది. జనరల్ బాడీలో తీర్మానం రాసి, అందరి సంతకాలు తీసుకోండి. మెయింటెనెన్స్ తగ్గేది అందరికీ సమానంగా ఉంటుంది కాబట్టి ఒప్పుకోవడం సులువు. మోటారు నడిపే వేళని మాత్రం మార్చండి. వాచ్‌మ్యాన్ తెల్లవారుజామున ఐదింటికి వేసే మోటారుని పదకొండింటికి వేయమనండి, ఆ కరెంటు మీటరు దాకా కూడా రాదు. మీ మేడ మీద నీళ్ల గొట్టాలు ఎన్ని ఉన్నాయి, నాలుగా? నాలుగూ కలిపి ఒకే గుంతలోకి దింపకండి, ఇరవై ఫ్లాట్ల మేడకి ఒక పెద్ద వానలో పొర్లిపోతుంది. రెండు గుంతలు చేయించండి, ఒకదాని పొర్లు రెండోదానిలోకి, రెండోదాని పొర్లు వీధి కాలవలోకి. రేపు ఆదివారం ఉదయం నేను ఖాళీయే, తీర్మానం పెట్టే ముందు ఒకసారి మేడ మీదికి వచ్చి చూస్తాను, బిల్లులు పన్నెండు నెలలవీ తీసి ఉంచండి.